ఏడడుగుల బీరువా ఫోన్‌లోనూ ఏడడుగులే ఉండాలంటే: glTF ఎగుమతిలో కొలత, దిక్కు, నేల

టేకు ఫర్నిచర్ చేయించి అమ్మే ఒక దుకాణం వారు తమ బీరువాను కొనుగోలుదారులు ఇంట్లోనే ఫోన్ కెమెరాలో నిలబెట్టి చూసుకునే ఏర్పాటు కావాలని అడిగారు. బీరువా ఎత్తు 7 అడుగులు, వెడల్పు 4 అడుగులు, లోతు 21 అంగుళాలు. తలుపుల పిడులు ఇంకో అంగుళంన్నర ముందుకు వస్తాయి. అపార్ట్‌మెంట్లలో పడకగది అటక సాధారణంగా ఏడడుగుల ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కనుక, బీరువా దాని కింద పడుతుందా లేదా అన్నదే కొనేవాళ్ల మొదటి ప్రశ్న. రంగు, పాలిష్ అందంగా కనిపించడం ఒక ఎత్తు. పరిమాణం నిజంగా ఉండడం మరో ఎత్తు. ఈ పనిలో రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదు.

నా దగ్గరకు వచ్చేసరికి ఈ పని ఒకసారి జరిగి, చెడిపోయి ఉంది. ఇంటీరియర్ డిజైనర్ స్కెచప్‌లో గీసిన నమూనాను మరొకరు .obj ఫైలుగా తీసుకుని, బ్లెండర్‌లో మెరుగులు దిద్ది, glTF ప్రమాణంలోని .glb ఫైలు తయారుచేశారు. వెబ్ పేజీలో అది చక్కగా తిరిగేది, దగ్గరికీ దూరానికీ జరిగేది. ఫోన్ కెమెరాలో వస్తువును గదిలోనే నిలబెట్టి చూపే ఏఆర్ బటన్ నొక్కితే మాత్రం బీరువా కనిపించేది కాదు. కాసేపు అటూ ఇటూ తిప్పితే గోధుమరంగు గోడలాంటిదేదో అడ్డుపడేది. దుకాణం వారు తమ ఫోన్లలోనే లోపం ఉందని అనుకున్నారు.

పేజీలో సరిగా ఉండి ఏఆర్‌లో పోయిందంటే మొదట అనుమానించవలసింది కొలతనే. వెబ్ పేజీలోని త్రీడీ వ్యూయర్ నమూనా ఎంత ఉంటే అంత దూరానికి తన కెమెరాను జరుపుకుని, దాన్ని ఫ్రేములో ఇమిడ్చి చూపిస్తుంది. రెండు మీటర్ల బీరువా, రెండు సెంటీమీటర్ల బీరువా, ఎనభై మీటర్ల బీరువా ఆ తెరమీద ఒక్కలాగే ఉంటాయి. ఏఆర్‌లో ఆ సౌకర్యం లేదు, ఎందుకంటే అక్కడ కెమెరా చూసేవాడి చేతిలో ఉంది. అంతవరకూ ఏ తెరా బయటపెట్టని తప్పు అక్కడ మొదటిసారి బయటపడుతుంది.

glTF ప్రమాణం ఈ విషయంలో ఎటువంటి సందేహానికీ తావివ్వదు. నిడివికి ప్రమాణం మీటరు. పైదిక్కు +Y. నమూనా ముఖం +Z వైపు ఉండాలి. ఇవి ఫైలులో ఎక్కడా రాసి ఉండవు, మార్చుకునే వీలూ లేదు; 84 అన్న సంఖ్య ఉంటే అది 84 మీటర్లే, అది అంగుళాలని చెప్పే చోటు ఆ ఫైలులో లేదు. కాబట్టి అంగుళాల నుంచి మీటర్లకు మార్పిడి ఎగుమతికి ముందే, సంఖ్యల్లోనే జరిగి తీరాలి.

అందుకే నేను బ్లెండర్ తెరవకముందే డిజైనర్ ఇచ్చిన .obj ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచాను. ఈ రకం ఫైలులోనూ యూనిట్ ఉండదు, ఉత్త సంఖ్యలే ఉంటాయి. ఎగుమతి చేసినవారు ఏ యూనిట్ ఎంచుకుంటే ఆ సంఖ్యలు పడతాయి. బీరువా పైఅంచు మూలలు ఇలా ఉన్నాయి:

```
v 21.000000 84.000000 -30.000000
v 21.000000 84.000000 -78.000000
```

రెండో అంకె ఎత్తు. ఏడడుగుల వస్తువుకు 84 వచ్చిందంటే ఫైలు అంగుళాల్లో ఉంది. ఇదే 2133.6 అయివుంటే మిల్లీమీటర్లు, 7 అయివుంటే అడుగులు, 2.1336 అయివుంటే మీటర్లు. మూడో అంకెలో 30కి, 78కి తేడా 48, అంటే నాలుగడుగుల వెడల్పు. మొదటి అంకె 21 లోతు. ఈ రెండు వరుసల్లోనే ఇంకో రెండు సంగతులు తెలుస్తాయి. వెడల్పు X మీద కాకుండా Z మీద ఉంది కాబట్టి బీరువా పక్కకు తిరిగి ఉంది; సున్నా బీరువా మధ్యలో లేదు కాబట్టి డిజైనర్ గది మూలను సున్నాగా పెట్టుకుని, పడమటి గోడకు ఆనించి దీన్ని గీశారు. ఇంటి ప్లానులో గీసే డిజైనర్‌కు అది సహజమైన పద్ధతే. విడి వస్తువుగా బయటకు తీసేటప్పుడు మాత్రం దాన్ని సరిచేయాలి.

తరువాత పాత బ్లెండర్ ఫైలును తెరిచాను. ఎత్తు చూపే గడిలో 2.13 మీటర్లు అని సరిగ్గానే ఉంది. ఫోన్‌లో మాత్రం తప్పు. ఈ వైరుధ్యానికి కారణం సీన్ అమరికల్లోని Units విభాగంలో దొరికింది: Unit Scale అన్న చోట 0.0254 ఉంది. ఈ అమరిక తెరమీద కొలతలను ఎలా చదివి చూపించాలో నిర్ణయిస్తుంది తప్ప, శీర్షాల అసలు సంఖ్యలను ముట్టుకోదు. glTF ఎగుమతి ఆ గడిని పట్టించుకోకుండా బ్లెండర్‌లోని ఒక యూనిట్‌ను ఒక మీటరుగా రాసేస్తుంది. ఆ విధంగా బ్లెండర్‌లో 2.13 మీటర్లుగా కనిపించిన బీరువా ఫైలులోకి 84 మీటర్లుగా వెళ్లింది. ఇతర ఫార్మాట్ల ఎగుమతి కిటికీల్లో యూనిట్‌ను లెక్కలోకి తీసుకోవాలా అని అడిగే ఐచ్ఛికాలు ఉంటాయి కనుక, వాటికి అలవాటుపడినవారు ఇక్కడా అంతే అనుకోవడంలో వింతేమీ లేదు.

పాత .glb ఫైలులో అసలు ఏముందో చూడడానికి నేను వాడేది ఈ ఒక్క ఆదేశం. నోడ్ జేఎస్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా ఇది పనిచేస్తుంది:

```
npx @gltf-transform/cli inspect beeruva.glb
```

ఇది చూపించే పట్టికల్లో ఒకటి సీన్‌కు సంబంధించినది. అందులో bboxMin, bboxMax అనే రెండు గడులే మనకు కావలసినవి. అవి మొత్తం నమూనాను చుట్టిన ఊహాపెట్టె రెండు ఎదురుమూలలు. పాత ఫైలులో కనిష్ఠం 0, 0, -78, గరిష్ఠం 22.5, 84, -30. పిడులతో కలిపి 22.5 మీటర్ల లోతు, 84 మీటర్ల ఎత్తు, సున్నా బిందువు నుంచి కనీసం 30 మీటర్ల దూరం. గది మధ్యలో నిలబడి ఫోన్ పట్టుకున్నవారికి గోడలాంటిది తగలడం ఇందువల్లనే. ఎవరి తెరమీద ఏ కొలత కనిపించినా, నేను నమ్మేది చివరి ఫైలులో ఉన్న ఈ ఆరు సంఖ్యలనే.

సరిచేయడంలో వరుస ముఖ్యం. మొదట Unit Scale ను 1.0కి తిరిగి తెచ్చాను. అప్పుడు బ్లెండర్ కూడా 84 మీటర్లని నిజం చెప్పడం మొదలుపెట్టింది. ఇక కుదింపు. త్రీడీ కర్సర్‌ను సున్నా బిందువు వద్ద ఉంచి, పివట్‌ను 3D Cursor కు మార్చి, అన్ని భాగాలనూ ఒకేసారి ఎంచుకుని పనిచేయాలి. పివట్ ఒక్కో భాగానికి దానిదే అయివుంటే తలుపులు, అరలు, పిడులు ఎక్కడివక్కడే కుదించుకుపోయి, విడివిడి ముక్కలుగా గాలిలో మిగులుతాయి. ఆపై బీరువా పెట్టె మధ్యభాగం సున్నా మీదకు వచ్చేలా X మీద -10.5, Y మీద -54 జరిపాను. అడుగుభాగం ముందే Z సున్నా దగ్గర ఉంది కనుక దాన్ని కదిలించలేదు. తరువాత S నొక్కి 0.0254 ఇచ్చాను.

ఇక్కడ ఒక పనిని ఆపి చూడాలి. కుదింపు తరువాత ఒక్కో భాగానికి స్కేల్ విలువ 0.0254గా మిగులుతుంది, Ctrl+A నొక్కి దాన్ని స్థిరపరిస్తే విలువ 1 అయి, ఆ తగ్గింపు శీర్షాల్లోకి దిగుతుంది. కానీ పాత ఫైలులో చెక్క అంచులకు గుండ్రదనం కోసం బెవెల్ మాడిఫయర్ వేసి ఉంది, దాని వెడల్పు 0.125. అంగుళాల లోకంలో అది ఎనిమిదో వంతు అంగుళం, వడ్రంగి గరుకు కాగితంతో మొన తీసినంత. స్కేల్ స్థిరపరచేవరకూ అది భాగంతోపాటే కుదించుకుంటుంది. స్థిరపరచిన మరుక్షణం ఆ 0.125 సంఖ్య అలాగే మిగిలి, ఇప్పుడు పన్నెండున్నర సెంటీమీటర్లని అర్థమవుతుంది. ముప్పావు అంగుళం మందం చెక్కకు అంత బెవెల్ పడేసరికి అంచులు ఒకదానితో ఒకటి కలిసిపోయి, బీరువా నానబెట్టిన రొట్టెలా ఉబ్బుతుంది. కాబట్టి మాడిఫయర్‌ను ముందే అప్లై చేయాలి, లేదా వెడల్పును 0.003175గా మార్చాలి. తరువాత దుకాణం వారు అంచులు మార్చమని అడిగే అవకాశం ఉందని నేను రెండోది ఎంచుకున్నాను. దళసరి ఇచ్చే మాడిఫయర్, వరుసగా ప్రతులు పేర్చే మాడిఫయర్ లాంటి నిడివి సంఖ్య ఉన్న వాటన్నిటికీ ఈ జాగ్రత్తే వర్తిస్తుంది.

స్కేల్‌ను స్థిరపరచడం తప్పనిసరా అని అడిగేవారున్నారు. నిజానికి కాదు. glTF లో ఒక్కో నోడ్‌కు స్కేల్, భ్రమణం ఉండవచ్చు, 0.0254 అని రాసి ఉన్న నోడ్‌ను ఏ సరైన వ్యూయర్ అయినా గౌరవిస్తుంది. అయినా నేను స్థిరపరుస్తాను, ఎందుకంటే ఈ ఫైలు నా చేతిలోనే ఆగదు. దీన్ని ఇంకొకరు మరో ఫార్మాట్‌లోకి మారుస్తారు, ఇంకొకరు తలుపుకు కదలిక జోడిస్తారు. ఒక్కో అడుగులో ఆ 0.0254 ఎవరో ఒకరికి అడ్డుపడుతుంది. అయితే కుడి తలుపు ఎడమ తలుపుకు అద్దం ప్రతిబింబంగా, స్కేల్ -1తో తయారై ఉంది. అలాంటిదాన్ని స్థిరపరచినప్పుడు ముఖాల దిశ లోపలికి తిరగబడవచ్చు. మెటీరియల్‌లో Backface Culling ఆన్ చేసి ఉంటే ఆ తలుపు ఫోన్‌లో ఎదురుగా అద్దంలా పారదర్శకమై, లోపలి అరలు కనిపిస్తాయి. Face Orientation చూపును ఆన్ చేస్తే బయటి ముఖాల్లో ఎక్కడా ఎరుపు ఉండకూడదు. ఎరుపు కనిపించిన చోట ఎడిట్ మోడ్‌లో Shift+N తో సరిచేయాలి. మా కుడి తలుపు ఎర్రబడింది, సరిచేశాను.

ఇక దిక్కు. బ్లెండర్‌లో పైదిక్కు Z, ముందువైపు -Y. నమ్‌ప్యాడ్ 1 నొక్కితే కనిపించేది ముందువైపు. ఎగుమతిలో +Y Up అన్న టిక్కు ఉంటే ఎగుమతి సాధనం Z ను Y గా, -Y ని +Z గా మార్చి రాస్తుంది. అంటే నమ్‌ప్యాడ్ 1లో తలుపులు, పిడులు ఎదురుగా కనిపించేలా ఉంటే చాలు, మిగతా లెక్క అదే చూసుకుంటుంది. పడమటి గోడకు ఆనించిన మా బీరువా ముఖం +X వైపు, అంటే తూర్పుకు ఉంది; R, Z, -90 ఇచ్చి దాన్ని -Y వైపు తిప్పి, Ctrl+A లో Rotation & Scale ఎంచుకుని స్థిరపరిచాను. All Transforms ఎంచుకుంటే ఒక్కో భాగం మూలబిందువు కూడా సున్నాకు పోతుంది. తలుపు మూలబిందువు కీలు దగ్గరే ఉంటే రేపు తలుపు తెరిచే కదలిక పెట్టడానికి పనికివస్తుంది.

దిక్కు తప్పిన నమూనాలు మళ్లీమళ్లీ వస్తుంటాయి కనుక, వాటిని చూడగానే కారణం గుర్తుపట్టే ఒక పద్ధతి చెబుతాను. బీరువా ఏఆర్‌లో బోర్లా పడి, తలుపులు నేలకు ఆని, నెత్తి మనవైపు ఉంటే +Y Up టిక్కు తీసివేశారని అర్థం. అదే వెల్లకిలా పడి, తలుపులు పైకప్పు వైపు, నెత్తి దూరంగా అవతలికి ఉంటే ఎవరో glTF కు Y పైదిక్కని విని, బ్లెండర్‌లోనే చేత్తో తిప్పి, టిక్కు కూడా ఉంచారు. అంటే మార్పిడి రెండుసార్లు జరిగింది. నిటారుగానే నిలబడి పక్కకో వెనక్కో తిరిగి ఉంటే అక్షాల మార్పిడి బాగానే ఉంది, నమూనా ముఖమే తప్పు దిశలో గీశారు. మూడు సందర్భాల్లోనూ వ్యూయర్ వైపు తిప్పి సరిపెట్టాలన్న ఆలోచన వస్తుంది. దానికి లొంగకపోవడం మేలు. ఒక వ్యూయర్‌లో సరిపెట్టినది మరోదానిలో మళ్లీ తప్పవుతుంది.

ఎగుమతి కిటికీలో glTF Binary ఎంచుకుని, Selected Objects, +Y Up, Apply Modifiers మూడింటికీ టిక్కు పెట్టాను. మొదటిది ఎందుకంటే, సీన్‌లో దాగి ఉన్న ఏ చిన్న ముక్క బయటకు వచ్చినా ఊహాపెట్టె పెరుగుతుంది. కొన్ని వ్యూయర్లు నమూనాను నేలమీద పెట్టడానికి ఆ పెట్టె అడుగును చూస్తాయి, కొన్ని సున్నా బిందువును చూస్తాయి. అడుగుభాగం సరిగ్గా Y సున్నా దగ్గర, మధ్యభాగం X, Z సున్నాల దగ్గర ఉంటే రెండు రకాల వ్యూయర్లూ ఒకే చోట పెడతాయి. లేకపోతే బీరువా నేలలో కూరుకుపోవడమో, జానెడు ఎత్తున తేలడమో జరుగుతుంది.

కొత్త ఫైలుకు అదే inspect ఆదేశం ఇచ్చిన సంఖ్యలు ఇవి:

```
bboxMin  -0.6096, 0, -0.2667
bboxMax   0.6096, 2.1336, 0.3048
```

X వెడల్పు 1.2192 మీటర్లు, అంటే నాలుగడుగులు. Y సున్నా నుంచి 2.1336, అంటే ఏడడుగులు, కాళ్లు నేలమీదే ఉన్నాయి. Z విషయం గమనించదగినది: వెనకవైపు 0.2667, ముందువైపు 0.3048. పెట్టెను మధ్యలో పెట్టాము కాబట్టి, ఒకవైపు అంగుళంన్నర ఎక్కువ వచ్చిందంటే పిడులు అటే ఉన్నాయి. ఆ ఎక్కువ +Z వైపు వచ్చింది కనుక ముఖం సరైన దిక్కులో ఉందని, నమూనా తెరిచి చూడకుండానే రుజువైంది. ముందుకు పొడుచుకువచ్చే భాగం ఏదో ఒకటి ఉన్న వస్తువులకు ఈ పరీక్ష బాగా పనికివస్తుంది. స్టూలు, బంతిలాంటి సౌష్ఠవమైన వాటికి పనికిరాదు, వాటికి కళ్లతోనే చూడాలి.

వెబ్ పేజీలో త్రీడీ నమూనాను చూపే model-viewer అనే వ్యూయర్‌తో పేజీలో పెట్టిన భాగం చిన్నదే:

```html
<model-viewer src="beeruva.glb" ios-src="beeruva.usdz"
  ar ar-modes="webxr scene-viewer quick-look"
  ar-scale="fixed" ar-placement="floor"
  camera-controls></model-viewer>
```

ఇందులో ar-scale="fixed" అన్నదాన్ని నేను వదులుకోను. అది లేకపోతే చూసేవారు రెండు వేళ్లతో బీరువాను చిన్నది చేసి అటక కింద ఇమిడ్చి, పట్టిందని సంతోషించి ఆర్డరు ఇచ్చే ప్రమాదం ఉంది. బొమ్మలకూ, పాత్రల నమూనాలకూ పెంచి తగ్గించే వీలు ఉండవచ్చు. కొలతే సరుకైన చోట ఉండకూడదు.

ఆండ్రాయిడ్‌లో .glb ఫైలే నేరుగా తెరుచుకుంటుంది. ఐఫోన్‌లో మాత్రం ఏఆర్ చూపేది .usdz ఫైలును, దానికి వేరే నియమాలు ఉన్నాయి. అక్కడ యూనిట్ ఫైలులోనే metersPerUnit అన్న పేరుతో రాసి ఉంటుంది, రాయకపోతే 0.01 అని, అంటే సెంటీమీటర్లని భావిస్తారు. మన సంఖ్యలు మీటర్లలో ఉండి ఆ వరుస లేకపోతే ఐఫోన్‌లో బీరువా రెండు సెంటీమీటర్ల ఎత్తుతో నేలమీద చుక్కలా పడుతుంది. ఆండ్రాయిడ్‌లో సరిగా ఉండి ఐఫోన్‌లో మాత్రమే మాయమైందని ఎవరైనా అంటే ముందుగా చూడవలసింది ఇదే. usdcat ఆదేశంతో ఫైలును తెరిస్తే మొదటి వరుసల్లో ఇవి ఉండాలి:

```
metersPerUnit = 1
upAxis = "Y"
```

ios-src అసలు ఇవ్వకపోతే ఈ వ్యూయర్ .glb నుంచి అప్పటికప్పుడు .usdz తయారుచేసుకుంటుంది. మామూలు నమూనాకు అది సరిపోతుంది, పైగా రెండు ఫైళ్లు వేరుపడే బెడద ఉండదు. ఈ దుకాణం వారి దగ్గర పాలిష్ మెరుపును ప్రత్యేకంగా దిద్దిన .usdz ముందే ఉండడంతో దాన్ని వాడవలసి వచ్చింది, కాబట్టి .glb మారినప్పుడల్లా దాన్ని కూడా తిరిగి తీయాలని వారికి రాసి ఇచ్చాను.

చివరి పరీక్ష దుకాణం గచ్చుమీద జరిగింది. నాలుగడుగులకు 21 అంగుళాల దీర్ఘచతురస్రాన్ని కాగితపు టేపుతో అతికించి, పక్క గోడమీద ఏడడుగుల దగ్గర ఒక గీత పెట్టి, ఫోన్‌లోని బీరువాను జరిపి ఆ చట్రంలో కూర్చోబెట్టాము. అడుగుభాగం టేపు అంచులకు దాదాపుగా ఆనింది. పైఅంచు గీతకు కొద్దిగా కింద కనిపించింది. దుకాణం యజమాని వెంటనే, "చూశారా, ఇంకా తక్కువే ఉంది కదండీ" అన్నారు. ఫోన్‌ను పక్కకు తీసుకుని, నేలను మళ్లీ నెమ్మదిగా చూపించి, బీరువాను కొత్తగా పెట్టేసరికి ఈసారి పైఅంచు గీత దాటి కాస్త పైన పడింది.

ఈ తేడా ఫైలుది కాదు. ఫోన్ తన కెమెరాలో కదిలే బిందువులనూ, తనలోని కదలిక సెన్సర్లనూ కలిపి గది కొలతను అంచనా వేస్తుంది. బీరువాను పెట్టిన ప్రతిసారీ ఆ అంచనా కొద్దిగా మారుతుంది, నున్నటి తెల్ల టైల్స్ మీద, మసక వెలుతురులో ఇంకా ఎక్కువ మారుతుంది. రెండు రకాల తప్పులనూ వేరుచేయడం కష్టం కాదు. యూనిట్ తప్పు ఎప్పుడూ తెలిసిన నిష్పత్తిలోనే వస్తుంది: 39.37 రెట్లయితే అంగుళాలను మీటర్లుగా చదివారు, 3.28 అయితే అడుగులను, 100 అయితే సెంటీమీటర్లను, 1000 అయితే మిల్లీమీటర్లను. పైగా ఎన్నిసార్లు పెట్టినా, ఏ ఫోన్‌లో చూసినా ఆ నిష్పత్తి మారదు. ఒక పెట్టుకు ఎక్కువ, మరో పెట్టుకు తక్కువ అయ్యేది ఫోన్ అంచనా. దాన్ని సరిచేయడానికి నమూనాను నాలుగు శాతం పెంచమని అడిగేవారు ఉంటారు; పెంచితే సరైన ఫైలు చెడుతుంది, అంచనా మాత్రం అలాగే ఊగుతుంది.

అందువల్ల అటక విషయంలో ఒక హద్దు గీయవలసి వచ్చింది. గదిలో బీరువా ఏ గోడకు బాగుంటుంది, తలుపులు తెరిస్తే మంచానికి తగులుతాయా, కిటికీ మూసుకుపోతుందా అన్న ప్రశ్నలకు ఈ ఏఆర్ చూపు భేషుగ్గా సమాధానం చెబుతుంది. అటకకూ బీరువాకూ మధ్య మిగిలే రెండంగుళాల సందు ఉందా లేదా అన్నది మాత్రం ఫోన్ తేల్చలేదు. కాబట్టి ఏఆర్ బటన్ కిందనే బీరువా కొలతలను అడుగులు, అంగుళాల్లో రాయించి, అటక ఎత్తును టేపుతో కొలిచి చెప్పమనే గడిని ఆర్డరు ఫారంలో తప్పనిసరి చేయించాము.